కుడి చివరి ముఖం

ఎదురింటి టైలరమ్మ మేడ మీద బట్టలారేస్తూ పక్కింటావిడతో అన్నదట, ఆ పక్కింటావిడ ఇస్త్రీ బండి అతనితో అన్నదట, అతనొచ్చి మడత నలగని చొక్కాతో పాటు ఆ మాట కూడా స్టూడియోలో దింపిపోయాడు.

"డ్రైవరుగారింట్లో అత్తాకోడళ్ళు ఒకరి తల ఒకరు పెట్టుకుంటున్నారంట. రోజూ జరిగే గొడవలు చాల్లేదేమో, ఇక తలల దాకా వచ్చారు."

స్టూడియో అతను నవ్వలేదు. ఆ తలలు మార్చే కాంట్రాక్టు తనదే.

అతన్ని వీధంతా ఫ్లాషు అంటారు. మెడలో కెమెరా లేకపోతే చొక్కా తొడుక్కోవడం మర్చిపోయిన మనిషిలా ఉంటాడు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప మరెక్కడా కనిపించదు. పాస్‌పోర్టు ఫొటోకి వచ్చినవాడిని కూడా "గడ్డం కొంచెం దించండి, ఇంత పౌరుషం ఆఫీసువాళ్ళు తట్టుకోలేరు" అని నవ్వించి, వెంటనే "ఇప్పుడు నవ్వకండి" అని కసురుకునే రకం.

తలల సంగతి మొదలైంది డ్రైవరుగారబ్బాయితో. తండ్రి బస్సు నడిపే ఉద్యోగం ఆ వారంతో ముగుస్తోంది. డిపో వాళ్ళంతా ఇంటికి టీకి వస్తారు. ఆ రోజు గోడ మీద ఒక పెద్ద ఫొటో పెట్టి, మీద గుడ్డ కప్పి, అందరూ చూస్తుండగా లాగాలి. గుడ్డ కింద ఇంటిల్లిపాదీ ఉంటారు కానీ ఎవరి ముఖం వాళ్ళ దగ్గరుండదు. అదీ అబ్బాయి ఊహ. మందుల షాపులో పొద్దున్నుంచి రాత్రిదాకా దగ్గుమందులమ్మే మనిషికి అంతకన్నా పెద్ద సరదా ఏముంటుంది?

"పాత ఫొటోల్లోంచి తీసి అతికించెయ్యన్నా. ఎవరికీ చెప్పొద్దు. అప్పుడే మజా" అన్నాడు.

ఫ్లాషు గోడ మీద అట్టముక్కను వేలితో చూపించాడు. 'ముఖం ఎవరిదో వాళ్ళే వచ్చి ఒప్పుకోవాలి' అని దాని మీద ఎర్ర సిరాతో రాసి ఉంది.

"ఇదేంటి, పోలీస్ స్టేషనా?"

"ఇది లేనప్పుడు ఒకసారి పెళ్ళికొడుకు ముఖం తీసి బ్యాండుమేళం అతనికి పెట్టాను. దోస్తులు చేయమన్నారు, చేశాను. పెళ్ళికొడుకు నవ్వాడు. బ్యాండతను నవ్వలేదు. 'నా డోలు, నా పొట్ట, మీకు తమాషాగా ఉందా' అని నా లైటు స్టాండు విరగ్గొట్టాడు. ఆ పొట్ట అతనిది కదా మరి! అప్పట్నుంచి ముఖం ఇచ్చేవాళ్ళనీ అడుగుతాను, ఒళ్ళు ఇచ్చేవాళ్ళనీ అడుగుతాను. అయ్యాక చూపిస్తాను. వద్దంటే చెరిపేస్తాను."

"మా అమ్మ ఒప్పుకుంటుందంటావా?"

"ఒప్పుకోకపోతే ఆవిడ ముఖం ఆవిడ దగ్గరే ఉంటుంది. అక్కడే బాగుంటుంది కూడా."

ఆ సాయంత్రమే ఫ్లాషు వాళ్ళింటికెళ్ళాడు. హాల్లో అందరినీ కూర్చోబెట్టి విషయం చెప్పాడు. మూడు జతలు. డ్రైవరుగారికీ, ఆయన బస్సులోనే ఏళ్ళ తరబడి విజిలేసిన కండక్టరుకీ ఒక జత. అబ్బాయికీ, బడికెళ్ళడం కొత్తగా మొదలెట్టిన అతని కూతురికీ ఒక జత. అత్తాకోడళ్ళు మూడో జత.

డ్రైవరుగారు బట్టతల నిమురుకున్నారు. "ముఖం ఒక్కటే మారుతుందా, జుట్టు కూడానా?"

"ముఖం ఒక్కటేనండీ. నుదురు దగ్గర ఆగిపోతాను. జుట్టు ఆ ఒంటిదే."

"అంటే నా ముఖానికి వీడి జుట్టొస్తుంది." ఆయన కళ్ళు మెరిశాయి. "రాసుకో, ఒప్పుకున్నాను."

పక్కనే కూర్చున్న కండక్టరు భగ్గుమన్నాడు. "నాకేమో బోడిగుండా! గురూ, సర్వీసంతా చిల్లర నాకొదిలేసి నోట్లు నువ్వు చూసుకున్నట్టుంది ఇది. సరే కానీ, నా మీసం మాత్రం నా వెంటే రావాలి. మీసం లేకుండా నేనెక్కడికీ కదలను."

"మీసం ముఖంలో భాగమే. వస్తుంది."

పాప చెయ్యెత్తింది. "నాకు గడ్డం వస్తుందా?"

"నీ గౌనులోకి మీ నాన్న వస్తాడమ్మా, గడ్డంతో సహా. నీ ముఖం మీ నాన్న భుజాల మీదికెళ్తుంది. నీకిష్టమేనా?"

"నాన్నకి గౌనా!" పాప సోఫా మీద గెంతింది. తల్లీ తండ్రీ కూడా సరేనన్నాక ఫ్లాషు దాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నాడు.

ఇక పెద్దావిడ. ఆవిడ కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుంది. ఆవిడకి తన ముక్కంటే ప్రాణం. పచ్చటి ముఖంలో సూదిగా దిగిన ముక్కు, దాని పక్కన రాయి మెరిసే పుడక. చుట్టాల్లో ఎక్కడ ఏ పిల్ల పుట్టినా మొదట ముక్కు చూసి, 'ఊఁ, మనది రాలేదు' అని పెదవి విరవడం ఆవిడ అలవాటు.

"నా ముక్కు చెక్కు చెదరకూడదు. అంతే. మిగతాది మీ ఇష్టం."

"మీ ముక్కుకి నేను హామీ పెద్దమ్మగారూ."

ఇక మిగిలింది కోడలు. ఆస్పత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేసే పిల్ల. గాజు గొట్టంలో రంగు ఏ మాత్రం మారినా పట్టుకునే కళ్ళు. ఫ్లాషు చెప్పులేసుకుంటుంటే గుమ్మం పక్క గోడ దగ్గరికి పిలిచింది. ఆ గోడ నిండా ఫ్రేములే. పెళ్ళి ఫొటో, పాప మొదటి పుట్టినరోజు, నిరుడు తీసిన గ్రూపు ఫొటో. అన్నీ ఫ్లాషు తీసినవే. అన్నింట్లోనూ ఆమె కుడి చివరే.

"అన్నయ్యగారూ, వీటిలో నేనెక్కడున్నాను?"

"ఇదిగో, కుడి చివర…"

"మొన్న పాప ఏమందో తెలుసా? 'ఈ చేతులు అమ్మవి. ముఖం ఎవరో ఆంటీది' అంది. నిజంగానే చూడండి. చేతులు నావే. నల్లగా, నా చేతుల్లానే ఉన్నాయి. ముఖం మాత్రం కడిగి ఆరేసినట్టుంది. నా కూతురిది నా రంగే. దాని బళ్ళో ఎవరో ఏదో అన్నారు, ఇంటికొచ్చి పౌడరు డబ్బా మొత్తం ముఖాన పోసుకుంది. అది నన్ను చూసుకోడానికి ఈ గోడ మీద నేనే లేను."

ఫ్లాషు ఫ్రేము మీద దుమ్ము తుడిచాడు. "లైటు ఎక్కువ పడుంటుందమ్మా."

"లైటు నా ఒక్కదాని మీదే పడిందా? భుజం ఆనించి నించున్న మా ఆయన మీద పడలేదే?"

లైటు సంగతి ఫ్లాషుకు తెలియక కాదు. పెళ్ళి ఆల్బమ్ చేసే రోజుల్లో పెద్దావిడ స్టూడియోకి వచ్చి, స్టూలు దగ్గరికి లాక్కుని, "మా కోడల్ని ఓ పిసరు తెల్లగా తేల్చు. దానికి చెప్పకు, బాధపడుతుంది" అంది. అతను తేల్చాడు. మరుసటి ఫొటోకి ఆవిడ చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ తరవాత అతనికే గుర్తుండేది కాదు. ఆ ఇంటి ఫొటో కంప్యూటర్లో తెరిస్తే, చివరగా మౌసు దానంతటదే కుడి చివరికి వెళ్ళి, అక్కడి ముఖం చుట్టూ ఓ సున్నా చుట్టి, వెలుగు పైకి లాగి వచ్చేది. చేతులెవరు చూస్తారని వాటిని వదిలేసేవాడు.

"నాకు సరదా ఇష్టమే," అంది కోడలు. "అత్తయ్య ముఖం నా ఒంటి మీద ఎలా ఉంటుందో చూడాలని నాకూ ఉంది. కానీ ఒక్క మాట. నా ముఖానికి ఏం చేసినా నాతో చెప్పి చెయ్యాలి. ఈ గోడ మీద ఒక్క ఫొటోలోనైనా నేను నాలా ఉండాలి. తల వేరేవాళ్ళ మెడ మీదున్నా పర్లేదు."

"అక్కడే చిక్కుందమ్మా. మామూలుగా ముఖం ఏ మెడ మీద కూర్చుంటే ఆ మెడ రంగులోకి తెస్తాం. లేకపోతే గడ్డం కింద గీత కనబడిపోతుంది, మాస్కు తగిలించినట్టుంటుంది. మీ ముఖం పెద్దమ్మగారి మెడ మీదికెళ్తే…"

"నేను తేలాలి. మళ్ళీ."

"తిరగేసి కూడా చెయ్యొచ్చు. ముఖం కదలకుండా ఉంచి, మెడనీ చేతుల్నీ ముఖం రంగులోకి తేవచ్చు. పని రెట్టింపు. పైగా పెద్దమ్మగారి చేతులకు మీ రంగు వెయ్యాలంటే ఆవిణ్ణి అడగాలి."

అప్పుడే అడిగాడు. "నా ఒంటి మీద దాని తల ఉన్నప్పుడు ఆ చేతులు దానివే అవుతాయి కదరా. వేస్కో" అంది పెద్దావిడ, టీవీ మీంచి చూపు తిప్పకుండా. ఫ్లాషు కోడలి వైపు తిరిగి, "మీ ముఖం జోలికెళ్తే నన్నడగండి" అని మాటిచ్చాడు.

ఆదివారం పొద్దున హాల్లోనే ఫొటో. ఎడమవైపు పెద్ద కిటికీ. వెలుగంతా అట్నుంచే. ఫ్లాషు స్టాండు బిగించి, కెమెరాలో వెలుగు లెక్కా రంగు లెక్కా రెండూ కదలకుండా తాళం వేసి, కుర్చీల కాళ్ళ చుట్టూ సుద్దతో గుర్తులు గీశాడు. ముందు వరసలో ఎడమ నుంచి పట్టుచీరలో పెద్దావిడ, డ్రైవరుగారు, ఒళ్ళో పాప. వెనక కండక్టరు, అబ్బాయి, కుడి చివర కోడలు.

మామూలు ఫొటో అయిపోయింది. అందరూ లేవబోయారు.

"కూర్చోండి కూర్చోండి. ఇప్పుడు జతలు చోట్లు మారండి. ఇంకో ఫొటో తీయాలి."

"ఒకటి చాల్దా? కత్తిరించి అతికించుకోలేవా?" అంది పెద్దావిడ.

"మీరు కిటికీ పక్కనున్నారు పెద్దమ్మగారూ, ఎడమ చెంప ధగధగలాడుతోంది. కుడి చివరికి అంత వెలుగు రాదు. ఇక్కడి ముఖం తీసుకెళ్ళి అక్కడ పెడితే ఆ మూల ఎవరో టార్చి వేసినట్టుంటుంది. అక్కడి వెలుగులో, అక్కడి తల వంపుతో, అక్కడే తీసిన ముఖం కావాలి."

"అద్దంలోలా తిప్పి పెడితే సరిపోదా?" అన్నాడు అబ్బాయి, అన్నీ తెలిసినట్టు.

"సరిపోతుంది. మీ అమ్మగారి ముక్కుపుడక రెండో పక్కకి దూకుతుంది. నువ్వే చెప్పుకో ఆవిడకి."

అబ్బాయి నోరు మూసుకుని పాప చోటుకెళ్ళి, తండ్రి ఒళ్ళో కూర్చోబోయాడు. డ్రైవరుగారు కేకేశారు. "ఒరేయ్, నా తొడ బస్సు సీటనుకున్నావా!" చివరికి అతను నేల మీద గొంతుకూర్చుని తల ఆ ఎత్తుకి తెచ్చాడు. పాపను తండ్రి చోట ఎత్తు స్టూలు మీద నిలబెట్టారు. డ్రైవరుగారు కండక్టరు చోట నిల్చుని, "ఇదా నీ చోటు! ఏమీ కనబడి చావదే. ఇక్కణ్ణుంచేనా నాకు రైట్ రైట్ చెప్పింది?" అన్నారు.

"కనబడక్కర్లేదు గురూ. నమ్మకం మీద చెప్పేవాణ్ణి" అన్నాడు కండక్టరు, ఆయన కుర్చీలో కాలు మీద కాలేసుకుని.

అత్తాకోడళ్ళు కూడా మారారు. కోడలు అత్త కుర్చీలో కూర్చుని, అత్తలాగే గడ్డం ఓ పిసరు పైకెత్తింది. పెద్దావిడ కుడి చివర నిల్చుని చుట్టూ చూసింది. "ఇదేంటర్రా, ఇక్కడ సగం గోడకే పోతున్నాను."

ఆ మాటకు కోడలు కిసుక్కున నవ్వింది. ఫ్లాషు ఆ నవ్వు పట్టుకున్నాడు.

మర్నాడంతా కంప్యూటరు ముందే. ముఖాల కొలత సరిచేశాడు. పాప ముఖం తండ్రి భుజాలకు ఆనేంత పెంచాడు. తండ్రి ముఖం గౌనులో ఇమిడేంత కుదించాడు. నుదుటి దగ్గరా దవడ దగ్గరా అంచుల్ని దూది పింజలా మెత్తబరిచాడు. గడ్డం కింద మెడ మీద పడాల్సిన నీడ మళ్ళీ వేశాడు. నీడ లేకపోతే ముఖం గాల్లో తేలుతుంది. డ్రైవరుగారి ముఖాన్ని కండక్టరు మెడ రంగులోకి దించాడు. ముందు వెలుగు సరిపోల్చి, తరవాత ఎరుపూ పసుపూ అటూ ఇటూ తూచి, కంప్యూటరుకు దూరంగా జరిగి, కళ్ళు చికిలించి చూశాడు. గీత కనబడలేదు. జుట్టుతో డ్రైవరుగారు ఏ పెళ్ళిసంబంధానికైనా పనికొచ్చేలా ఉన్నారు.

అత్తాకోడళ్ళ జత మాత్రం అనుకున్నట్టే తిరగేసి చేశాడు. కోడలి ముఖం ముట్టుకోలేదు. ఆ కుర్చీలోని మెడా చేతులూ ఆమె రంగులోకి వచ్చాయి. కుడి చివర ఒంటికి పెద్దావిడ పచ్చదనం వచ్చింది. అయ్యాక ఫోనులో అందరికీ పంపాడు. అందరూ సరేనన్నారు. పెద్దావిడ వేళ్ళతో ముక్కు పెద్దది చేసి చూసుకుని మరీ సరేనంది. కోడలి నుంచి ఆఖర్న, 'పట్టుచీరలో నేనే. పాప గుర్తుపట్టింది' అని వచ్చింది.

ప్రింటు ఇచ్చే రోజు షాపు నిండా పరీక్షల ఫారాలకు ఫొటోలు కావాలని పిల్లలు. ఒకడికి కాలరు లేదు, ఒకడికి దువ్వెన లేదు. కరెంటు మిణుకుమిణుకుమంటోంది. ఫ్రేములు కట్టే అతను గుమ్మంలో నిలబడి, "ఇస్తావా, పొమ్మంటావా?" అంటున్నాడు. ఫ్లాషు డ్రైవరుగారి ఫొటో తెరిచాడు. దువ్వెన కోసం డ్రాయరు తీస్తూ, "చొక్కా గుండీ పెట్టుకోరా" అని ఎవరినో కసురుతూ, చివరి పని చేసేశాడు. ప్రింటు కొట్టాడు. అట్టలో చుట్టి ఇచ్చేశాడు. చెయ్యి ముఖం చూడలేదు. చోటు చూసింది.

టీ పార్టీ రోజున డ్రైవరుగారి హాల్లో చీమ దూరే సందు లేదు. డిపో డ్రైవర్లు, మెకానిక్కులు, టైలరమ్మ, ఆవిడ చెప్పి పిలుచుకొచ్చిన మరో నలుగురు. అబ్బాయి గుడ్డ లాగాడు.

హాలు పైకప్పు లేచిపోయింది. గౌనులో గడ్డం చూసి మెకానిక్కు టీ ఒలకబోసుకున్నాడు. "గురువుగారికి జుట్టు! బస్సుకు కొత్త టాపేసినట్టుంది!" అని ఒక కుర్ర డ్రైవరు అరిచాడు. కండక్టరు తన బోడిగుండు చూసుకుని, ఎంతైనా మీసం ఉంది కదా అని సమాధానపడ్డాడు. కిటికీ పక్క కుర్చీలో, పట్టుచీరలో, కోడలు నిండుగా, నల్లగా, నవ్వుతూ ఉంది. పాప పరుగెత్తికెళ్ళి ఆ ముఖం మీద వేలు పెట్టి, "అమ్మ!" అంది. టీ పళ్ళెం పట్టుకుని వంటింటి గుమ్మంలో ఉన్న కోడలు అది విన్నది.

తరవాత పాప వేలు కుడి చివరికి జరిగింది.

"నానమ్మ ముక్కేది?"

అందరూ వంగారు. కుడి చివర మెడ పచ్చగా ఉంది, చేతులు పచ్చగా ఉన్నాయి. మధ్యలో ముఖం మాత్రం అప్పుడే సున్నం కొట్టిన గోడలా ఉంది. రెండు కళ్ళు, కింద ఒక నోరు. ముక్కు వెలుగులో కలిసిపోయి, పుడక ఒక్కటే ఆధారం లేకుండా గాల్లో నిలబడి ఉంది.

కండక్టరు ఆపుకోలేక పకపకా నవ్వాడు. "వదినా, పుడక దిగడానికి స్టాపు లేదు!"

పెద్దావిడ కళ్ళజోడు సవరించుకుని దగ్గరికెళ్ళింది. తన ముక్కును చేత్తో తడుముకుని, ఫొటో చూసి, వెనక్కి తిరిగింది.

"ఒరే ఫ్లాషూ! నా ముక్కేదిరా? నువ్వు ఫోనులో చూపించినప్పుడు ఉంది కదా!"

వెనక వరసలో ఉన్న ఫ్లాషు గబగబా ముందుకొచ్చాడు. "పెద్దమ్మగారూ, మళ్ళీ ప్రింటేసి ఇచ్చేస్తాను. ఇప్పుడే వెళ్ళి…"

"ఇద్దువుగానిలే. నన్నడక్కుండా నా ముఖానికి సున్నం కొట్టడానికి నీకెన్ని గుండెలు? ఊరందరి ముందూ నన్ను దయ్యాన్ని చేస్తావా? ముఖం ఎవరిదో వాళ్ళనడగాలని గోడకి అట్ట కట్టుకున్నావు, అది ఎవరికోసం?"

"కావాలని చెయ్యలేదమ్మా. అలవాటు. కుడి చివర ఎప్పుడూ కోడలుగారుంటారు కదా, చెయ్యి దానంతటదే…"

అక్కడ నాలుక కరుచుకున్నాడు. కరుచుకోవడం కాస్త ఆలస్యమైంది.

నవ్వులు ఆగిపోయాయి. టైలరమ్మ మాత్రం ఒక్క అక్షరం పోకుండా వినడానికి కొంగు చెవి మీంచి తప్పించింది.

కోడలు ముందుకొచ్చింది. "ఏం అలవాటు అన్నయ్యగారూ?"

ఫ్లాషు పెద్దావిడ వైపు చూశాడు. పెద్దావిడ ఫ్యాను వైపు చూసింది.

"చెప్పవయ్యా," అన్నారు డ్రైవరుగారు.

"పెళ్ళి ఆల్బమ్ నుంచీ ఉన్నదే… కొంచెం తేలుస్తుంటాను. పెద్దమ్మగారు చెప్పారని. ఈసారి కోడలుగారి ముఖం ముట్టుకోలేదు, ఒట్టు. కానీ చోటు…"

"అమ్మా!" అన్నాడు అబ్బాయి.

కోడలు పళ్ళెం బల్ల మీద పెట్టింది. గుమ్మం పక్క గోడ మీది ఫ్రేములన్నీ ఒక్కొక్కటే చూసింది. పెళ్ళి. పుట్టినరోజు. నిరుడు. పాప వచ్చి ఆమె కొంగు పట్టుకుని నిలబడింది.

పెద్దావిడ గొంతు తగ్గించింది, కానీ అంత చిన్న హాల్లో అది అందరికీ వినిపించింది. "ఇప్పుడేమైందని? నీ మంచికే చెప్పానే. ఫొటోలో బాగుంటావని."

కోడలు కొత్త ఫొటో దగ్గరికెళ్ళి, కుడి చివర ముక్కు లేని ముఖం మీద వేలు పెట్టింది.

"ఇందులో మీరు బాగున్నారా అత్తయ్యా?"